పోస్టు పెట్టే ముందు మొదటి వాక్యం చూసుకోండి

గ్రూప్-2 అర్థమెటిక్ ఆన్‌లైన్ క్లాసుకి ఇన్‌స్టాగ్రామ్ పోస్టు రాశారనుకుందాం. షేర్ నొక్కే ముందు ఇవి చూడండి.

□ మొదట్లోనే "అడ్మిషన్లు ప్రారంభం" అని ఉందా? కిందికి జరపండి. అభ్యర్థి చెయ్యి ఆగేది తన తలనొప్పి కనిపించినప్పుడే. ఉదాహరణకి: "రెండేళ్లకు చక్రవడ్డీ, బారువడ్డీల తేడా 80 రూపాయలు, రేటు 10 శాతం. అసలెంత? పెన్ను ముట్టుకోకుండా చెప్పగలరా?" రెండేళ్ల తేడా అంటే మొదటి ఏడాది వడ్డీ మీద వడ్డీయే, అంటే అసలులో 1 శాతం. కాబట్టి అసలు 8,000. ఈ జవాబు పోస్టు చివర్లో ఇవ్వండి. క్లాసులో చేరితేనే చెబుతామంటే చదివినవాళ్లకు ఒళ్లు మండుతుంది.

□ లెక్క మరొకరితో చేయించారా? తప్పు దొరికితే కామెంట్లన్నీ దాని మీదే.

□ ఫోన్‌లో చూశారా? క్యాప్షన్ సుమారు 125 క్యారెక్టర్ల దగ్గర తెగిపోతుంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కకొస్తాయి. "క్లా" ఒక్కటే నాలుగు. పై ప్రశ్నకే వంద దాటుతాయి, ఇంకేమీ పెద్దగా పట్టదు. అందుకే "అసలెంత?" అన్నది ముందుకు తెచ్చి, లెక్కను ఫొటో మీద వేయండి.

□ "100% ఉద్యోగం గ్యారంటీ" ఉంటే తీసేయండి. కోచింగ్ ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అది కుదరదు. ర్యాంకరు పేరు, ఫొటో వాడాలంటే ఫలితాలొచ్చాక రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

□ "చివరి 3 సీట్లు" నిజమేనా? రికార్డెడ్ క్లాసుకి సీట్లేమిటండీ!