వృత్తాల పాఠం, మూడో భాగం: గడియారం మీద గీసి చూద్దాం, కేంద్రం దగ్గర కోణం ఎందుకు రెట్టింపు?

పోయిన భాగంలో రెండు విషయాలు చూసాం, ఈరోజు ఆ రెండే పనికొస్తాయి. ఒకటి, సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాలకి ఎదురుగా ఉండే కోణాలు సమానం. రెండోది, త్రిభుజం బాహ్యకోణం దూరంగా ఉన్న రెండు అంతరకోణాల మొత్తానికి సమానం. ఇవి గుర్తులేకపోతే ఒకసారి వెనక్కెళ్ళి చూసి రండి, మూడోది ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు గోడ గడియారం లాంటి వృత్తం ఒకటి గీయండి, పన్నెండు అంకెలు సమానమైన దూరంలో పెట్టండి. కేంద్రం పేరు O. పక్కపక్క అంకెల మధ్య కేంద్రం దగ్గర 30 డిగ్రీలు, అంటే ప్రొట్రాక్టర్ లేకుండానే కోణాలు లెక్కపెట్టుకోవచ్చు, అందుకే గడియారం ఎంచుకున్నా. 2 దగ్గర A, 6 దగ్గర B పెట్టండి. మధ్యలో నాలుగు గడులు కాబట్టి ∠AOB = 120°. ఇంక P అనే బిందువుని అటువైపు అంచు మీద, అంటే A, B ల మధ్య పెద్ద చాపం మీద ఎక్కడో పెట్టి A కి, B కి కలిపితే వచ్చే ∠APB ఎంత అనేదే ప్రశ్న. ఒకే చాపాన్ని చూసే కోణాల్లో కేంద్రం దగ్గరది అంచు మీద దానికి రెట్టింపు అని సిద్ధాంతం చెప్తుంది, అంటే ఇక్కడ 60 రావాలి, ఎందుకో మనం చెప్పాలి.

ముందు P ని 8 దగ్గర పెట్టండి. 8 కి సరిగ్గా ఎదురుగా ఉండేది 2, అంటే PA గీత కేంద్రం గుండా పోతుంది, అదొక వ్యాసం. ఇప్పుడు OPB త్రిభుజం చూడండి. OP, OB రెండూ వ్యాసార్థాలే, కాబట్టి P దగ్గర కోణం x అయితే B దగ్గర కూడా x. ∠AOB ఈ త్రిభుజానికి బాహ్యకోణం, కాబట్టి అది x + x = 2x. అయిపోయింది, రుజువు గుండెకాయ ఇంతే! ఇక్కడ 120 అన్న సంఖ్య ఎక్కడా వాడలేదు చూసారా, B ఎక్కడున్నా ఇదే మాట నడుస్తుంది.

కానీ P అన్నిసార్లూ ఇలా అనుకూలంగా కూర్చోదు కదా. P ని 9 కి జరపండి. ఇప్పుడు PA, PB రెండూ కేంద్రం గుండా పోవు, O ఆ రెండు గీతల మధ్యలో పడుతుంది. P నుంచి O మీదుగా గీత లాగి అటువైపు అంచుని తాకిన చోట Q పెడితే అది 3 దగ్గరకొస్తుంది. ఈ వ్యాసం బొమ్మని రెండు ముక్కలు చేసింది, ప్రతి ముక్కా ఇందాక 8 దగ్గర చూసిన బొమ్మే. అంటే ∠AOQ = 2∠APQ, ∠BOQ = 2∠BPQ, రెండూ కలిపేయండి. సంఖ్యల్లో అయితే 3 నుంచి 2 కి 30, దాంట్లో సగం 15, 3 నుంచి 6 కి 90, దాంట్లో సగం 45, మొత్తం 60.

మూడో రకం దగ్గరే చాలామంది జారిపోతారు, తొమ్మిదో తరగతిలో మేం కూడా "ఇదే విధంగా" అని రాసేసి పేజీ తిప్పేసాం. P ని 7 దగ్గర పెట్టండి. ఎదురుగా Q వచ్చి 1 దగ్గర పడుతుంది, A, B రెండూ PQ కి ఒకేవైపు ఉన్నాయి, O ఆ కోణానికి బయట ఉంది. ఇక్కడ కలిపితే తప్పు, తీసేయాలి: ∠APB = ∠BPQ − ∠APQ. 1 నుంచి 6 కి 150, సగం 75. 1 నుంచి 2 కి 30, సగం 15. 75 లోంచి 15 పోతే మళ్ళీ 60. కేంద్రం దగ్గర కూడా అలాగే 150 లోంచి 30 తీసేస్తే 120, కాబట్టి రెట్టింపు సంబంధం చెదరలేదు.

ఇప్పుడు అసలు తిరకాసు. P ని 4 దగ్గర, అంటే A, B ల మధ్య ఉన్న చిన్న చాపం మీద పెడితే? 60 అని రాసేస్తే బొమ్మే ఒప్పుకోదు, అక్కడ కోణం విచ్చుకుని లావుగా కనిపిస్తుంది. 4 కి ఎదురుగా 10 దగ్గర Q పెట్టండి, O మళ్ళీ PA, PB ల మధ్యలోనే ఉంది, అంటే ఇది రెండో రకమే, కొత్తదేం కాదు. 10 నుంచి 2 కి 120, 10 నుంచి 6 కి 120, కలిపితే 240, సగం 120. అంటే P దగ్గర కోణం చూసేది తనకి ఎదురుగా ఉన్న చాపాన్ని, తను కూర్చున్న చాపాన్ని కాదు, కాబట్టి కేంద్రం దగ్గర కూడా ఆ ఎదురు చాపం వైపు కోణమే కొలవాలి. ఇంకో తప్పు కూడా చూసా: O, 2, 4, 6 కలిపి చతుర్భుజం గీసి ఎదురు కోణాల మొత్తం 180 అనేయడం. ఆ నియమం నాలుగు మూలలూ అంచు మీద ఉన్న చతుర్భుజానికే, O అంచు మీద లేదు కదండీ, దీనికి ఎలా పడుతుంది? నిజానికి ఆ చతుర్భుజంలో O దగ్గర 120, 4 దగ్గర 120, మిగతా రెండూ 60, 60, మొత్తం 360, సరిపోయింది.

ఇంత చేసాక మిగతా సిద్ధాంతాలు ఊరికే రాలిపడతాయి. 7, 8, 9 మూడు చోట్లా 60 వచ్చింది కదా, ఎందుకంటే మూడూ ఒకే కేంద్ర కోణంలో సగం. ఒకే వృత్తఖండంలోని కోణాలు సమానం అంటే ఇదే. 9 దగ్గర 60, 4 దగ్గర 120, కలిపితే 180. ఇది గడియారం వల్ల వచ్చిన అదృష్టం కాదు, కేంద్రం చుట్టూ రెండు వైపులా కోణాలు కలిపితే 360, అందులో సగం 180. చక్రీయ చతుర్భుజంలో ఎదురు కోణాల మొత్తం 180 అనేది అక్కణ్ణుంచే వచ్చింది. యూక్లిడ్ ఎలిమెంట్స్ మూడో పుస్తకంలో కూడా 20, 21, 22 ప్రతిపాదనలు ఇదే వరుసలో ఉంటాయి.

AB వ్యాసమే అయితే కేంద్రం దగ్గర 180, అంచు మీద 90. దీన్ని తిరగేసి వాడుకుంటే చేతికి పనికొస్తుంది. అంచు మీద కోణం 90 ఉంటే కేంద్రం దగ్గర 180 ఉండి తీరాలి, అంటే ఆ రెండు చివరలూ వ్యాసం చివరలే. ఒక పళ్ళెం కేంద్రం ఎక్కడో తెలీదనుకోండి, తెల్లకాగితం మూలని సరిగ్గా పళ్ళెం అంచు మీద పెట్టి, కాగితం రెండు అంచులూ పళ్ళెం అంచుని దాటే చోట్ల గుర్తులు పెట్టి కలపండి, అదొక వ్యాసం. మూలని ఇంకోచోటికి జరిపి ఇంకో వ్యాసం గీస్తే రెండూ కలిసిన చోటే కేంద్రం. రెండోసారి మరీ దగ్గర్లో పెట్టకండి, గీతలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి పడి కలిసే చోటు సరిగ్గా తెలీదు. పళ్ళెం పెద్దదై కాగితం చాలకపోతే న్యూస్ పేపర్ వాడండి, కాకపోతే మూల చిరిగిందో నలిగిందో అయితే వచ్చేది వ్యాసం కాదు.

వచ్చే భాగంలోకి వెళ్ళేముందు ఒకటి చేసి పెట్టుకోండి. అదే గడియారంలో 12 ని 5 తో, 2 ని 9 తో కలపండి, రెండు జ్యాలు లోపల X దగ్గర ఖండించుకుంటాయి. అక్కడ కోణం సరిగ్గా 90 అని రుజువు చేయాలి. X కేంద్రం కాదు, అంచు మీదా లేదు, కాబట్టి ఈరోజు సిద్ధాంతం నేరుగా పెట్టేస్తే రాదు. 2 ని 5 తో కలిపి, వచ్చిన త్రిభుజంలో 2 దగ్గర, 5 దగ్గర కోణాలు ఏయే చాపాలని చూస్తున్నాయో రాసుకోండి.