అక్టోబరు రాకముందే షాపు పాలసీ ఒకసారి విప్పి చూడండి

హుద్‌హుద్ విశాఖ మీద పడిన 2014 అక్టోబరు 12 గుర్తున్నవాళ్లకి గాలి ఏం చేస్తుందో నేను చెప్పనక్కర్లేదు. అయితే ఆ తర్వాత "మా బీమా రేటెందుకు పెరిగింది, మేం ఒక్క క్లెయిమైనా పెట్టలేదే" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ సంగతి తెలిస్తే ఈ సీజన్‌కి ముందు పాలసీలో ఏం చూసుకోవాలో కూడా తెలుస్తుంది.

షార్ట్ సర్క్యూట్‌తో ఒక షాపు కాలితే, కాలని మిగతా 999 షాపుల ప్రీమియంతో కంపెనీ దాని నష్టం కట్టేస్తుంది. తుపానులో ఆ వెయ్యి షాపుల రేకులూ ఒకే పూట లేస్తాయి. అందుకే కంపెనీ తన నెత్తిన ఉన్న బరువుకి తానూ బీమా చేయించుకుంటుంది. రీఇన్సూరెన్స్ అంటే అదే. ముంబైలోని జీఐసీ రీ, స్విస్ రీ, మ్యూనిక్ రీ లాంటివి ఆ బరువు మోస్తాయి.

లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ. ఒక తుపానులో మొదటి 50 కోట్ల నష్టం కంపెనీ భరిస్తుంది, ఆపైన 100 కోట్ల దాకా రీఇన్సూరర్ ఇస్తాడు అని ఒప్పందం అనుకోండి. కంప్యూటర్ మోడల్ ఆ 100 కోట్లూ సగటున 25 ఏళ్లకోసారి పూర్తిగా పోతాయని చెప్పిందనుకుందాం. అంటే ఏడాదికి 4 కోట్లు. కానీ 4 కోట్లకి ఎవరూ ఒప్పుకోరు. తుపాను మొదటి ఏడాదే వస్తే 100 కోట్లు చేతిలో ఉండాలి కదా. అంత సొమ్ము కట్టిపెట్టుకున్నందుకు ప్రతిఫలంగా, మోడల్ తప్పితే పడే దెబ్బకి జాగ్రత్తగా, 7 కోట్లు అడగొచ్చు. పైగా అక్టోబరు తుపానుకే ఆ 100 కోట్లూ ఖర్చయిపోతే, నవంబరు తుపానుకి రక్షణ మళ్లీ నిలబెట్టుకోవడానికి కంపెనీ ఇంకో ప్రీమియం కట్టాలి.

ఈ ఖర్చు చివరికి దిగేది ఆ 100 కోట్ల రక్షణ ఎవరి కోసం కొనాల్సి వచ్చిందో వాళ్ల మీదే. సముద్రానికి ఎంత దూరం, కప్పు రేకులా స్లాబా, కట్టి ఎన్నేళ్లయింది అన్నవన్నీ మోడల్లోకి వెళ్తాయి. మీరు క్లెయిమ్ పెట్టలేదన్నది అందులో చిన్న విషయం. ఇంకో చిత్రం, 2022లో ఇయన్ తుపాను ఫ్లోరిడాని దెబ్బతీశాక 2023 జనవరి ఒప్పందాల్లో రీఇన్సూరెన్స్ ధరలు ప్రపంచమంతటా ఎగబాకాయి. అన్ని దేశాల బరువూ మోసే సొమ్ము ఒకటే మరి. మన దేశంలో ఈ ఒప్పందాలు ఎక్కువగా ఏప్రిల్ 1న మారతాయి కాబట్టి అక్టోబరు దెబ్బ ఆ తర్వాతి రెన్యువల్‌లో కనిపిస్తుంది.

ఇప్పుడు మీ కాగితం తీయండి. ముందు తుపాను, వరద రక్షణ ఉందో లేదో చూడండి. దాన్నే ఎస్.టి.ఎఫ్.ఐ. అంటారు. ప్రీమియం తగ్గుతుందని దాన్ని తీయించుకున్న పాలసీలూ ఉంటాయి. తీరంలో ఉండి చేసే పొదుపు కాదది. లేకపోతే ఈ వారమే చేర్పించండి, బంగాళాఖాతంలో వాయుగుండం పడ్డాక కంపెనీలు చాలావరకు తలుపు మూసేస్తాయి.

ఎక్కువమంది దెబ్బతినేది మాత్రం బీమా మొత్తం దగ్గర. ప్రీమియం పెరిగిందని మొత్తాన్ని తగ్గించేస్తారు. గాజువాకలో ఒక ప్లైవుడ్ గోడౌన్ అనుకుందాం. సరుకు 80 లక్షలది, పాలసీ 50 లక్షలకి. రేకులు లేచి 16 లక్షల సరుకు తడిసింది. 50 లక్షల పాలసీ ఉంది కదా, 16 మొత్తం వస్తుందనుకుంటాడు యజమాని. సర్వేయర్ 50ని 80తో భాగించి, ఆ నిష్పత్తిలో 10 లక్షలే రాస్తాడు. అందులోంచి మీ వంతు భరించాల్సిన ఎక్సెస్ కూడా పోతుంది. ఆస్తి విలువ 5 కోట్లలోపు ఉన్నవాళ్లకి ఇచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షలో తక్కువ బీమా 15 శాతం దాటకపోతే ఈ కోత ఉండదు. ఇక్కడ తేడా 37.5 శాతం. దసరా, దీపావళికి సరుకు దింపుతారు కాబట్టి ఏప్రిల్ నాటి విలువ కాకుండా అక్టోబరులో ఎక్కువగా ఉండే విలువ రాయించండి.

తర్వాత కప్పు. గాలి రేకు ఊడదీస్తే వచ్చిన నీరు వేరు, ఏడాదిగా కారుతున్న చోటినుంచి వచ్చిన నీరు వేరు. రెండో దానికి కంపెనీ ఒప్పుకోదు. తుప్పు పట్టిన హుక్కులు మార్పించి, ఆ బిల్లు దాచండి. కప్పుని లోపలినుంచీ బయటినుంచీ ఫొటో తీయండి, తర్వాత గొడవ వస్తే అదే సాక్ష్యం.

స్టాక్ రిజిస్టరు గోడౌన్లోనే ఉంటే సరుకుతోపాటు అదీ తడుస్తుంది. దాని ఫొటోలు, కొనుగోలు బిల్లులు, పాలసీ అన్నీ ఫోన్లో పెట్టి, ఊరి బయట ఉన్న మీవాళ్లకి కూడా ఒక కాపీ పంపేయండి.