విమానాల గుర్తులు చదవడం, 3వ పాఠం: ముక్కు ఎటుందో చూడకుండా రంగులు చదవొద్దు

ఒక విమానం ఏ దేశానిదో చెప్పమని కిందటి పాఠంలో ఇచ్చిన ప్రశ్నకు గుంతకల్లు, తాడిపత్రి, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన జవాబుల్లో సగానికి పైగా ఒకే చోట తప్పాయి. తోక మీద నీలం, తెలుపు, ఎరుపు పట్టీలు కనబడగానే ఫ్రాన్స్ అని రాశారు. అది బ్రిటన్ విమానం. ఈసారి నక్షత్రాలు, శిలువలు మొదలుపెడదామనుకున్నాం గానీ, ఈ ముడి విప్పకుండా అక్కడికి పోతే ప్రతి పాఠంలోనూ ఇదే అడ్డొస్తుంది. అందుకే ఈ పాఠమంతా వలయాలకూ పట్టీలకూ పెడుతున్నాం.

ముందు రౌండెల్. విమానం ఒంటి మీదా రెక్కల మీదా గుండ్రంగా ఉండే గుర్తు ఇది. దీన్ని ఎప్పుడూ లోపలి నుంచి బయటికే చదవండి. బయటి వలయం సన్నగా ఉండి, దూరం నుంచి ఒంటి రంగులో కలిసిపోతుంది. నడిమి చుక్క చివరిదాకా నిలుస్తుంది. నడుమ ఎరుపు, తర్వాత తెలుపు, బయట నీలం ఉంటే బ్రిటన్. నడుమ నీలం, బయట ఎరుపు ఉంటే ఫ్రాన్స్. నడుమ పచ్చ, బయట కాషాయం ఉంటే మన వాయుసేన. నడుమ ఎరుపు, బయట పచ్చ ఉంటే ఇటలీ. సాయంత్రం ఎండలో తీసిన ఫోటోలో మన కాషాయం ఎర్రగా పడుతుంది, దాన్ని చూసి ఇటలీ అనేస్తుంటారు. పచ్చ లోపలుందా, బయటుందా అన్నది చూస్తే చాలు, కాషాయం సంగతి ఆలోచించనక్కర్లేదు.

బ్రిటన్, ఫ్రాన్స్ గుర్తులు ఒకదానికొకటి తిరగేసినట్టుండటం యాదృచ్ఛికం కాదు. వలయాల గుర్తు మొదట ఫ్రాన్స్‌ది, 1912లో వచ్చింది. 1914లో యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్‌వాళ్లు రెక్కల కింద తమ జెండా వేసుకుంటే, నేల మీదున్నవాళ్లకు అందులోని శిలువ జర్మనీ శిలువలా కనబడింది. దాంతో ఫ్రాన్స్ వలయాలనే తీసుకుని రంగుల వరస తిప్పేశారు. నడిమి చుక్క మీద ప్రాణాలు ఆధారపడిన సందర్భం మన దగ్గరా ఉంది. 1942 తర్వాత బర్మా వైపు ఎగిరిన విమానాల మీద, అప్పట్లో బ్రిటన్ గుర్తే వాడిన మన వాయుసేనవాటితో సహా, ఆ ఎర్ర చుక్కను తీసేశారు. జపాన్ గుర్తు ఎర్రటి వృత్తం కాబట్టి సొంతవాళ్లే కాల్చే ప్రమాదం ఉండేది. ఆ కాలపు ఫోటోలో మన విమానం మీద ముదురు నీలం, లేత నీలం మాత్రమే కనబడితే తికమకపడకండి.

వలయానికి ఎడమా కుడీ లేవు. అందుకే దాన్ని చదవడం తేలిక. తోక మీది నిలువు పట్టీలకు, అంటే ఫిన్ ఫ్లాష్‌కు, ముందూ వెనకా ఉంది. మీరు తప్పింది సరిగ్గా ఇక్కడే.

పట్టీలను ఎడమ నుంచి కుడికి అక్షరాల్లా చదవకూడదు. ముక్కు వైపు నుంచి వెనక్కి చదవాలి. బైకు ముందు కర్రకు జెండా కట్టుకుని పోతున్నవాణ్ణి తలచుకోండి. మీరు రోడ్డుకు ఏ పక్క నిలబడి చూసినా కర్ర ముందే ఉంటుంది, గుడ్డ వెనక్కే ఎగురుతుంది. తోక మీది పట్టీలూ అంతే. బ్రిటన్ విమానానికి ఎరుపు ఎప్పుడూ ముందు, నీలం వెనక. ముక్కు మీ ఎడమకు ఉంటే ఎరుపు, తెలుపు, నీలం అని కనబడుతుంది. అదే విమానం అటు తిరిగి ముక్కు మీ కుడికి వస్తే నీలం, తెలుపు, ఎరుపు అని కనబడుతుంది. ఈ రెండో వరసను జెండాలా చదివితే అచ్చం ఫ్రాన్స్ జెండా. కిందటి ప్రశ్నలో ముక్కు కుడి వైపుంది.

మన విమానాలతోనూ ఇదే తంటా. మనకు కాషాయం ముందు, పచ్చ వెనక. ముక్కు కుడికి ఉన్న మన విమానం తోకను ఎడమ నుంచి చదివితే పచ్చ, తెలుపు, కాషాయం వస్తుంది. అది ఐర్లండ్ జెండా వరస. హిందూపురం నుంచి యలహంక ఎయిర్ షోకు పోయి ఫోటోలు తీసుకొచ్చే పిల్లలు ఐర్లండ్ విమానం వచ్చిందని వాదించేది ఇందుకే. తోక మీద అనుమానం వస్తే ఒంటి మీది రౌండెల్ చూడండి. ఐర్లండ్‌ది వలయాలు కాదు, సుడి తిరిగినట్టుండే గుర్తు. రెండూ చూసి రెండూ ఒకే దేశం చెప్పాకే జవాబు రాయాలి.

ఇంకో చిక్కు ఫోన్‌లో పుడుతుంది. అద్దంలోలా తిరగబడిన ఫోటోలో ముక్కు కూడా తిరుగుతుంది కాబట్టి, ముక్కు నుంచి చదివితే పట్టీల వరస చెడదు. ఎడమ నుంచి చదివేవాళ్లే మోసపోతారు. ఫోటో తిరగబడిందో లేదో విమానం మీది అంకెలు, అక్షరాలు చెప్తాయి. మన రఫేల్ మీద BS 001 లాంటి నంబరు ఉంటుంది. రెండు సీట్లవాటికి RB అని మొదలవుతుంది. అక్షరాలు వెనక్కి తిరిగి ఉంటే ఫోటో తిరగేసిందే.

ఇప్పుడు ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. బూడిద రంగు రఫేల్, ముక్కు కుడికి, సాయంత్రం వెలుగు. రఫేల్ అనగానే ఫ్రాన్స్ అని రాసేయకండి. ఆకారం తయారుచేసిన దేశాన్ని చెప్తుంది, యజమానిని కాదు. మనతోపాటు ఈజిప్ట్, గ్రీస్ దగ్గరా రఫేల్‌లు ఉన్నాయి, ఫ్రాన్స్‌తో కలిపి నలుగురిదీ మూడు వలయాల గుర్తే. నడిమి చుక్క ముదురుగా కనబడుతోంది గానీ ఏ రంగో తేలడం లేదు. అప్పుడు బయటి వలయానికి పోవాలి. అది నీలమైతే గ్రీస్, ఎందుకంటే గ్రీస్‌కు లోపలా బయటా నీలమే. ఎరుపులా ఉంటే ఇంకా ముగ్గురు మిగిలారు: ఫ్రాన్స్, ఈజిప్ట్, కాషాయం ఎర్రగా పడిన మనమూ. ఫోటోను పెద్దది చేసి, వెలుగు పెంచి మళ్లీ చుక్క చూడండి. పచ్చ ఛాయ తేలితే మనది. నీలం తేలితే ఫ్రాన్స్. ఎంత పెంచినా నల్లగానే ఉంటే ఈజిప్ట్, దాని చుక్క నిజంగానే నలుపు. మనదని తేలాక తోక కూడా చూడండి. ముక్కు కుడికి ఉంది కాబట్టి కాషాయం కుడి అంచున ఉండాలి.

ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదో కూడా తెలియాలి. యుద్ధ విమానాల మీద గుర్తులు దూరానికి కనబడకుండా రంగు తగ్గించి వేస్తారు. బ్రిటన్ టైఫూన్ మీద తెలుపు ఉండదు, వెలిసిన గులాబీ, వెలిసిన నీలం మాత్రమే ఉంటాయి. అయినా గులాబీ నడుమే ఉంటుంది, తోక మీద ముందే ఉంటుంది, కాబట్టి చదవొచ్చు. అమెరికావాళ్లు నక్షత్రాన్ని పూర్తిగా బూడిద రంగులోకి దించేస్తారు. అక్కడ రంగు కాదు, ఆకారమే దిక్కు.

సాధన: ముక్కు ఎడమకు ఉన్నవి ఆరు, కుడికి ఉన్నవి ఆరు, మొత్తం పన్నెండు ఫోటోలు తీసుకోండి. కనీసం నాలుగింటిలో మన విమానాలుండాలి. ప్రతిదానికీ నాలుగు ముక్కలు, ఇదే వరసలో రాయండి: ముక్కు ఏ వైపు, నడిమి చుక్క రంగు, బయటి వలయం రంగు, తోక మీద అన్నిటికంటే ముందున్న పట్టీ రంగు. పట్టీలు లేని తోకైతే లేవని రాయండి. దేశం పేరు అయిదో ముక్క, మిగతా నాలుగూ నిండాకే అది రాయాలి. తర్వాత పన్నెండింటినీ ఫోన్‌లో అద్దంలా తిప్పి, మొదటి కాగితం చూడకుండా మళ్లీ రాయండి. రెండు కాగితాల్లో ముక్కు వైపు మాత్రమే మారాలి. తోక పట్టీ రంగు కూడా మారిందంటే మీరు ఇంకా ఎడమ నుంచి చదువుతున్నారు. ఆ ఫోటో నంబరు చుట్టూ గీత గీసి రెండు కాగితాలూ పంపండి.