సంభావ్యత నేర్చుకుందాం – 4వ పాఠం: మనుషుల్ని కాదు, జతల్ని లెక్కపెట్టండి

ప్రశ్నలో "కనీసం ఒక్కసారైనా" అనే మాట ఉంటే, అసలు జరగకపోయే అవకాశాన్ని ముందు కట్టి, దాన్ని 1లోంచి తీసేయాలని పోయిన పాఠంలో చూశాం. ఈ పాఠానికి అదొక్కటి గుర్తుంటే చాలు.

అనంతపురం క్లాక్‌టవర్ దగ్గర ఒక కోచింగ్ సెంటర్. బ్యాచ్‌లో 23 మంది. వాళ్లలో ఏ ఇద్దరిదైనా పుట్టినరోజు ఒకే తేదీన పడే అవకాశం ఎంత? సంవత్సరం ఏదైనా సరే, నెల, తేదీ కలిస్తే చాలు. ఈ ప్రశ్న అడిగితే ఎవరో ఒకరు వెంటనే అంటారు: "365 రోజులున్నాయి కదా సార్, సగం అవకాశం రావాలన్నా 183 మంది ఉండాలి. 23 మందితో ఏమవుతుంది?"

ఊహించడం పక్కనపెట్టి లెక్కపెడదాం. మొదటి అమ్మాయి లేచి తన తేదీ చెప్పింది. దాన్ని మిగతా 22 మందితో పోల్చి చూడాలి. ఆమె కూర్చుంది. రెండో అబ్బాయి లేచాడు. మొదటి అమ్మాయితో పోల్చడం అయిపోయింది కాబట్టి అతనికి 21 మంది మిగిలారు. తర్వాతి వాళ్లకు 20, ఆ తర్వాత 19, అలా చివరికి 1. మొత్తం కూడితే 253. ఇంత కూడిక అక్కర్లేకుండా 23 × 22 చేసి 2తో భాగించినా అదే వస్తుంది. రవి–సుజాత, సుజాత–రవి ఒకే జత కాబట్టి సగం చేస్తున్నాం.

గదిలో ఉన్నది 23 మందే, కానీ తేదీలు కలవడానికి ఉన్న దారులు 253. మనుషులు రెట్టింపై 46 మంది అయితే జతలు 1035 అవుతాయి, అంటే నాలుగు రెట్ల పైనే. మన బుర్ర మనుషుల్ని చూస్తుంది, జతల్ని చూడదు.

ఇప్పుడు ఒక జతను తీసుకోండి. ఆ ఇద్దరి తేదీలు కలవకపోయే అవకాశం 364/365, అంటే దాదాపు 0.997. 253 జతల్లో ఒక్కటీ కలవకూడదంటే దాన్ని 253 సార్లు గుణించాలి. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే వచ్చే సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో ఇలా కొట్టండి:

```
(364/365)^253
```

0.4995 వస్తుంది. అంటే కలిసే అవకాశం 50 శాతం దాటింది. నిజానికి జతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. రవికి సుజాతతో, సుజాతకు లతతో కలిస్తే రవికి లతతో కూడా కలిసి తీరుతుంది. ఆ చిక్కు తీసేసి ఒక్కొక్కరినీ వరుసగా లెక్కిస్తే అసలు జవాబు 50.7 శాతం. తేడా ఒక శాతం కూడా లేదు కాబట్టి జతల పద్ధతిని ధైర్యంగా వాడొచ్చు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. 253ని 365తో భాగించి 69 శాతం అనేస్తారు. అది అవకాశం కాదు, సగటున ఒక్కో బ్యాచ్‌లో కలిసే జతల సంఖ్య. కొన్ని బ్యాచ్‌లలో రెండు మూడు జతలు కలుస్తాయి, కొన్నింటిలో ఒక్కటీ కలవదు. ఈ పద్ధతి తప్పని తెలుసుకోవడం తేలిక: 28 మందికి వేసి చూడండి, 378 జతలు, అవకాశం 100 శాతం దాటిపోతుంది!

మరి 183 అన్న ఆ విద్యార్థి సంగతి? అతను తనకు తెలియకుండానే వేరే ప్రశ్నకు జవాబు చెప్పాడు: "నా పుట్టినరోజుతో ఎవరిది కలుస్తుంది?" ఆ ప్రశ్నకు ఈ గదిలో 22 జతలే ఉన్నాయి, అవకాశం 6 శాతం లోపే. పైగా ఆ ప్రశ్నకు కూడా 183 మంది చాలరు. వాళ్లలో వాళ్లకే తేదీలు కలిసిపోతుంటాయి కాబట్టి 183 రోజులూ నిండవు. సగం అవకాశం రావాలంటే అతను కాక ఇంకా 253 మంది కావాలి. ఇక్కడా 253 రావడం వింతేమీ కాదు, కావలసినవి అన్ని జతలే కదా.

365 రోజుల్లోనూ జననాలు సమానంగా ఉంటాయనుకుని ఇదంతా కట్టాం. కొన్ని తేదీల్లో ఎక్కువమంది పుడితే కలిసే అవకాశం పెరుగుతుందే తప్ప తగ్గదు. మన పల్లెల్లో బడిలో చేర్పించేటప్పుడు అసలు తేదీ గుర్తులేక జూన్ 1 అనో జులై 1 అనో రాయించినవాళ్లు పెద్దవాళ్లలో చాలామందే ఉంటారు. అందుకే సర్టిఫికెట్ తేదీలతో పరీక్షిస్తే లెక్క చెప్పినదానికన్నా ఎక్కువ జతలు దొరుకుతాయి. ఇంట్లో జరుపుకునే తేదీ అడగండి.

అభ్యాసం: టీ కొట్టు ముందు వరుసగా ఆగి ఉన్న బైకుల నంబర్లలో చివరి రెండు అంకెలు చూడండి. 00 నుంచి 99 దాకా 100 రకాలు. ఏ రెండు బైకులవైనా కలిసే అవకాశం సగం దాటాలంటే ఎన్ని బైకులు కావాలి? ముందు జతలు కట్టండి, తర్వాత `(99/100)` మీద ఆ ఘాతం వేయండి. 13 వచ్చిందా? 12కు కూడా వేసి, సగానికి ఎంత దగ్గరగా వచ్చి ఆగిందో చూడండి.