రైల్లో చూద్దామని డౌన్‌లోడ్ చేశారు, తీరా అక్కడ ప్లే అవ్వట్లేదా?

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఇంచుమించు 26 గంటలు. కాగజ్‌నగర్ దాటి బల్లార్షా వైపు అడవి పట్టాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఆన్‌లైన్‌లో సినిమా చూద్దామంటే చక్రం తిరగడమే తప్ప బొమ్మ పడదు. ఇంట్లో వైఫై లేదు, ఉన్నదల్లా రోజుకి 1.5 జీబీ ప్యాక్, అలాంటి వాళ్ళకి ఎక్కడెక్కడ తేడా కొడుతుందో చెప్తా.

డౌన్‌లోడ్ నొక్కితే వైఫై కోసం ఆగి కూర్చుంది

యాప్‌లో Wi-Fi Only అనే ఆప్షన్ ముందే ఆన్‌లో ఉంటుంది, అందుకే. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే యాప్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ కిందే కనిపిస్తుంది, తీసేస్తే మొబైల్ డేటాతో మొదలవుతుంది. అయితే తీసేముందు పక్కనే ఉన్న వీడియో క్వాలిటీ చూసి తక్కువలో పెట్టండి, ఆరంగుళాల ఫోన్‌లో పెద్ద తేడా ఏం తెలీదు. కొంతమంది ఈ ఆప్షన్ ముట్టుకోకుండా ఇంట్లో ఇంకొకరి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటారు. అది పని చేస్తుంది గానీ మీ ఫోన్ దాన్ని మామూలు వైఫై అనుకుని ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు అన్నీ ఒకేసారి మొదలెట్టేస్తే అవతలి వాళ్ళ డేటా గంటలో హాంఫట్. ఆ వైఫై పేరు మీద నొక్కి సెట్టింగ్స్‌లో దాన్ని మీటర్డ్, అంటే లెక్కగా వాడాల్సిన నెట్, అని పెడితే ఈ గోల చాలావరకు ఉండదు.

సగంలోనే డేటా అయిపోయింది

ఇది లెక్క వేసుకోకుండా దిగడం వల్ల వచ్చేదే. ముందు ఒక ఎపిసోడ్ మాత్రం దించి డౌన్‌లోడ్స్ పేజీలో సైజ్ చూడండి. 45 నిమిషాల ఎపిసోడ్ 270 ఎంబీ వచ్చిందనుకుందాం, అంటే నిమిషానికి 6 ఎంబీ. రెండున్నర గంటల సినిమా 900 ఎంబీ, అలాంటివి రెండంటే 1800. ఆరు ఎపిసోడ్లు 1620. మొత్తం 3420 ఎంబీ, దగ్గర దగ్గర 3.4 జీబీ, తొమ్మిదిన్నర గంటల సరుకు, 26 గంటల్లో నిద్ర, తిండి, పక్క సీటాయనతో కబుర్లు పోగా ఇదే ఎక్కువ.

1.5 జీబీలో వాట్సాప్‌కీ యూపీఐకీ ఓ 500 ఎంబీ ఉంచితే రోజుకి 1 జీబీ మిగులుతుంది. కాబట్టి ప్రయాణానికి నాలుగు రోజుల ముందే మొదలెట్టాలి, ముందురోజు రాత్రి కూర్చుంటే తెమలదు. రోజువారీ కోటా రాత్రి 12కి మారుతుంది కాబట్టి రాత్రి 11 గంటలకి మిగిలినదాన్ని బట్టి ఎపిసోడో సినిమానో పెట్టండి, ఎలాగూ వాడకపోతే మురిగిపోయేదే. చిన్న టైటిల్స్ ముందు, సినిమాలు తర్వాత పెడితే మధ్యలో ఆగినా చేతిలో పూర్తిగా దిగినవి కొన్నైనా ఉంటాయి.

కోటా అయిపోయాక 64 కేబీపీఎస్‌లో మెల్లగా దిగుతుందిలే అని వదిలేస్తారు కొందరు. ఆ స్పీడ్ అంటే సెకనుకి 8 కేబీ, 900 ఎంబీ సినిమాకి 32 గంటలు పడుతుంది, ఈలోపు రైలు ఢిల్లీ చేరిపోతుంది. స్టేషన్‌లో రైల్‌వైర్ వైఫై ఉందిగా అంటారా, ఉచితంగా ఇచ్చేది 30 నిమిషాలు, 1 ఎంబీపీఎస్, ఎంత బాగా పనిచేసినా 225 ఎంబీ, మన ఎపిసోడ్ ఒక్కటి కూడా పూర్తవ్వదు. పైగా అది ప్లాట్‌ఫామ్ మీదే, రైలు కదిలితే అంతే సంగతులు.

స్క్రీన్ ఆఫ్ చేస్తే డౌన్‌లోడ్ ఆగిపోతోంది

రాత్రి పెట్టి పడుకుంటారు, పొద్దున చూస్తే 38 శాతం దగ్గరే ఉంటుంది. నెట్ తప్పు కాదు, బ్యాటరీ సేవర్ యాప్‌ని నిద్రపుచ్చింది. ఆ యాప్ ఇన్ఫోలో బ్యాటరీకి వెళ్ళి రిస్ట్రిక్షన్లు తీసేయండి, డేటా సేవర్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి, ఫోన్ చార్జింగ్‌లో పెట్టండి.

మొత్తం దిగింది, రైల్లో ఓపెన్ చేస్తే ఎక్స్‌పైర్డ్ అంటోంది

అన్నిట్లోకీ కడుపు మండేది ఇదే. మీరు దించుకున్నది వట్టి వీడియో ఫైల్ కాదు, దాంతోపాటు ఫలానా గడువు వరకే చూడొచ్చని ఒక లైసెన్స్ కూడా వస్తుంది, అది అయిపోతే ఫైల్ ఫోన్‌లో ఉన్నా తెరుచుకోదు. ప్రైమ్ వీడియోలో మామూలుగా 30 రోజులు ఉంటుంది, కానీ ఒకసారి ప్లే చేయడం మొదలెడితే 48 గంటలే. నెట్‌ఫ్లిక్స్‌లో కూడా కొన్ని టైటిల్స్ ప్లే చేసిన 48 గంటలకి పోతాయి. మనవాళ్ళు ఏం చేస్తారంటే, మంగళవారం దించి సరిగ్గా వచ్చిందో లేదో అని రెండు నిమిషాలు ప్లే చేసి చూస్తారు, గడియారం అప్పుడే మొదలవుతుంది, శుక్రవారం రైలెక్కేసరికి గడువు అయిపోయి ఉంటుంది.

కాబట్టి టెస్ట్ బయల్దేరే రోజు చేయండి. ముందు నెట్ ఆన్‌లో ఉండగా యాప్ తెరవండి, లాగిన్ ఉందా, దించిన ప్రొఫైల్ అదేనా, లిస్ట్‌లో ఎక్స్‌పైర్డ్ అని ఏమైనా ఉందా చూడండి. తర్వాత ఏరోప్లేన్ మోడ్ పెట్టి, యాప్ పూర్తిగా మూసి మళ్ళీ తెరిచి, ఏదైనా ఒక్కటి ప్లే చేయండి. అన్నీ ప్లే చేసి చూడాల్సిన పనిలేదు, పైన చెప్పిన కారణానికే. యూట్యూబ్‌లో ప్రీమియం లేకుండా దించుకున్నవైతే 48 గంటలకోసారి నెట్‌కి కలపాల్సిందే, వాటిని ముందురోజు వరకు ముట్టుకోకండి.

స్పేస్ లేదంటోంది, క్లీన్ చేస్తే డౌన్‌లోడ్లే పోయాయి

Clear cache, Clear data రెండూ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది నొక్కితే పర్లేదు, రెండోది నొక్కితే లాగిన్‌తో సహా దించినవన్నీ ఊడ్చుకుపోతాయి, నాలుగు రోజుల డేటా బూడిదలో పోసినట్టే. స్పేస్ కావాలంటే వాట్సాప్‌లో పేరుకుపోయిన గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేయండి, చాలామంది ఫోన్లలో అక్కడే బోలెడు దొరుకుతుంది. మెమరీ కార్డ్‌లో దించుకున్నా ఆ కార్డ్ తీసి ఇంకో ఫోన్‌లో పెడితే ఆడదు, లైసెన్స్ దించిన ఫోన్‌దే.

తెలుగు ఆడియో రావట్లేదు

ఆన్‌లైన్‌లో ఉండే భాషలన్నీ డౌన్‌లోడ్‌లోకి రావు. ముందు ఆన్‌లైన్‌లో కాసేపు తెలుగులో పెట్టి చూసి, అప్పుడు దించండి. యాప్‌లో డౌన్‌లోడ్ ఆడియో భాష అని విడిగా ఉంటే అక్కడా తెలుగు పెట్టండి. ఒకసారి హిందీలో దిగిపోతే చాలాసార్లు డిలీట్ చేసి మళ్ళీ దించడమే, ఇంకో 900 ఎంబీ.

ఇప్పటికే రైల్లో ఉన్నారు, ఎర్రర్ వచ్చేసింది

డిలీట్ మాత్రం చేయకండి. లైసెన్స్ రెన్యూ అవ్వడానికి సినిమా మొత్తం మళ్ళీ దించక్కర్లేదు, కాస్త డేటా తగిలితే చాలు. బల్లార్షాలోనో నాగ్‌పూర్‌లోనో బండి ఆగి సిగ్నల్ నిలకడగా ఉన్నప్పుడు వేరే యాప్‌లన్నీ మూసేసి, డేటా ఆన్ చేసి, ఆ టైటిల్ దగ్గర రెన్యూ నొక్కండి. అయినా రాకపోతే ఫోన్ తేదీ, టైమ్ ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడండి, అది తప్పుగా ఉన్నా గడువు అయిపోయిందనే చూపిస్తుంది. ఈ డౌన్‌లోడ్ ఫలానా లిమిట్ దాటింది, ఇక రెన్యూ కాదు అని వస్తే మాత్రం అక్కడ చేసేదేం లేదు, వేరే టైటిల్ చూసుకోండి.