స్పాయిలర్ తగలకుండా సిరీస్, మూడో పాఠం: ఏడు రోజుల లెక్క

పోయిన పాఠానికి వచ్చిన తిట్లన్నీ ఇంచుమించు ఒకటే. "మీరు చెప్పినట్టే ఎక్స్‌లో పదాలు మ్యూట్ చేశాం. మొదటి వారం హాయిగా గడిచింది. రెండో సోమవారం మెట్రో అమీర్‌పేట దాటకముందే కథంతా తెలిసిపోయింది."

తప్పు నాదే, గడువు 7 రోజులు పెట్టమన్నాను. 'హౌస్ ఆఫ్ ద డ్రాగన్' టీవీ సిరీస్ రెండో సీజన్ 2024లో అమెరికాలో ఆదివారం రాత్రి 9కి వచ్చేది. మనకి అప్పుడు సోమవారం పొద్దున 6:30. సోమవారం ఆరింటికి మ్యూట్ పెడితే మళ్ళీ సోమవారం ఆరింటికే అది తీరిపోతుంది. వాన మొదలవబోతుంటే గొడుగు మడిచినట్టు! 30 రోజులు పెట్టినా ఎనిమిది ఎపిసోడ్ల సీజన్‌కి నడిమధ్యలో తెగుతుంది. Forever పెట్టి, సీజన్ అయ్యాక తీసేయండి.

ఇక నాకు ఒళ్ళు మండే సంగతి. మీరు పంపిన మ్యూట్ జాబితా స్క్రీన్‌షాట్లలో సగం, ఆ సిరీస్ పొట్టిపేరుతో #HOTD అనే ఉన్నాయి. ముందు ఆ # పీకేయండి! దాంతో పెడితే ఆ హ్యాష్‌ట్యాగ్ ఉన్న పోస్టులే ఆగుతాయి. ఉత్త HOTD పెడితే పదమూ ఆగుతుంది, హ్యాష్‌ట్యాగూ ఆగుతుంది. మీ ఆఫీసు మిత్రుడు ట్యాగులు పెట్టే రకం కాదు కదా, "HOTD చూశావా, అయ్యో పాపం" అంటాడు, అంతే. అలాగే houseofthedragon అని కలిపి ఒకటి, విడదీసి ఒకటి వేయండి. తర్వాత పాత్రల పేర్లు: Rhaenyra, Daemon, Aemond. చిన్నక్షరమా పెద్దక్షరమా అన్న బెంగ అక్కర్లేదు. తెలుగులో "డేమన్‌ని", "డేమన్‌కి" అని రాసేవాళ్ళ విషయంలో మాత్రం నేను పదాల మ్యూట్‌ని నమ్మను, సీజన్ అయ్యేదాకా వాళ్ళ ఖాతాలనే మ్యూట్ చేస్తాను. మీమ్ బొమ్మ మీది అక్షరాలకి ఈ మ్యూట్ పనిచేయదు.

మ్యూట్ టైమ్‌లైన్‌కీ నోటిఫికేషన్లకీ వర్తిస్తుంది, సెర్చ్‌కి వర్తించదు. అందుకని ఎపిసోడ్ చూసేదాకా భూతద్దం గుర్తు ముట్టుకోకండి. సోమవారం పొద్దున్నే ఒక పాత్ర పేరు ట్రెండింగ్‌లో కనబడిందంటే, ఏమైందో వేరే చెప్పాలా?

ఎపిసోడ్ చూశాక అదే లోపం మనకి పనికొస్తుంది. మ్యూట్ తీయకుండానే సెర్చ్‌లో చర్చంతా చదువుకోవచ్చు. వారం వెనకబడ్డారనుకోండి. మూడో ఎపిసోడ్ అమెరికాలో 2024 జూన్ 30న వచ్చింది, మీరు రెండోదాకే చూశారు. అప్పుడు ఇలా వెతకండి:

```
HOTD until:2024-06-30
```

జూన్ 30కి ముందువే వస్తాయి. రెండో ఎపిసోడ్ కబుర్లు దొరుకుతాయి, మూడోది తగలదు. ప్రోమో మీద ఊహాగానాలు తగలొచ్చు, అవి నాకు ఇష్టమే.

అభ్యాసం: సీజన్ నడిచేటప్పుడు ఒక సోమవారం ఎపిసోడ్ రాత్రి పదింటికి చూడండి. పొద్దున ఆరున్నర నుంచి అప్పటిదాకా ఎక్స్ మామూలుగానే వాడుతూ, జారివచ్చిన ప్రతి పోస్టులోనూ ఏ పదం మీ జాబితాలో లేదో కాగితం మీద రాసి పెట్టండి. యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళు నాలుగో పాఠంలో.