గానుగ నూనె పేరుకు సెక్షన్ 9 అభ్యంతరం: నా అనుభవం

మా వేరుశనగ నూనెకు ‘స్వచ్ఛ గానుగ’ అని పేరు పెట్టి ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు చేస్తే, ఆ పేరు సరుకు గుణాన్నీ తయారీ విధానాన్నీ మాత్రమే చెబుతోందని 1999 నాటి చట్టంలోని సెక్షన్ 9 కింద పరీక్షా నివేదికలో అభ్యంతరం వచ్చింది. అక్షరాలు మార్చాను, ఇంగ్లీషులోకి తిప్పాను, లోగో జోడించాను; ఏదీ నిలబడలేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందుగా నూనె అమ్మే ఎవరైనా సీసా మీద సహజంగా రాసుకోదగ్గ మాటలన్నీ, అంటే గానుగ, స్వచ్ఛ, పల్లె, చెక్క వంటివి, ఒక కాగితం మీద రాసి కొట్టేశాను, ఎందుకంటే అవి అందరికీ అవసరమైన మాటలు కనుక ఒక్కరి సొత్తుగా ఇవ్వరు. తరువాత ‘తొమెర’ అనే అర్థంలేని మాటను కూర్చి, ట్రేడ్‌మార్క్ రికార్డుల్లో వంటనూనెలు వచ్చే 29వ తరగతిలో అక్షరాలను బట్టీ, ఉచ్చారణను బట్టీ రెండు విధాలా వెతికి, పోలిక ఏదీ కనబడకపోయాక, లోగో లేకుండా పదాన్ని మాత్రమే దరఖాస్తులో పెట్టాను. ‘గానుగ నూనె’ అన్న మాట సీసా మీద పేరు కింద చిన్న అక్షరాలలో ఉంది. ఈసారి సెక్షన్ 9 ప్రస్తావనే రాలేదు.

‘పిచ్చుక’ వంటి, నూనెతో సంబంధంలేని మామూలు మాట కూడా సరిపోవచ్చు గాని, అటువంటివి ఇంకెవరో ముందే తీసుకుని ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు సెక్షన్ 11 అడ్డు వస్తుంది. దరఖాస్తుకు ముందే ఏళ్ల తరబడి వాడకంతో గుర్తింపు పొందిన వర్ణనాత్మక పేరుకు చట్టంలో మినహాయింపు ఉంది కనుక, పాత వ్యాపారులకు నా దారి అవసరం కాకపోవచ్చు.